తగ్గిన అంకె

మా ల్యాబ్‌లో ఒక పాడు అలవాటు ఉంది. ఏ పరీక్షలోనైనా అంకె ఎక్కువ వస్తే మళ్ళీ చేస్తాం, గొట్టం మారుస్తాం, మిషన్‌ని తిడతాం, చివరికి వార్డుకి ఫోన్ చేసి సెలైన్ ఎక్కుతున్న చేతినుంచే రక్తం తీశారా అని నర్సుతో దెబ్బలాడతాం. అదే అంకె మామూలుగా వస్తే మాత్రం ఎవరూ రెండోసారి తల తిప్పి చూడరు. హమ్మయ్య అనుకుని పైకి పంపేస్తాం. ఆ రోజు పొద్దున్న నా చెల్లెలి ఇ.ఎస్.ఆర్. పద్నాలుగు అని వచ్చినప్పుడు కూడా అలాగే పంపేశారు.

చెల్లెల్ని ఇంట్లో పిచ్చుక అంటాం. పుట్టినప్పటినుంచీ దాని నోరు మూతపడింది లేదు. నిద్రలో కూడా ఎవరితోనో వాదిస్తుంది. కాలేజీ చదువు సగంలో ఉండగా జ్వరం పట్టుకుంది. అది మామూలు జ్వరం కాదు. పొద్దున్న శుభ్రంగా ఉంటుంది, సాయంత్రం అయ్యేసరికి వణుకుతో వచ్చి పడుతుంది. జ్వరంతోపాటే ఒంటిమీద లేత గులాబీ రంగు మచ్చలు, జ్వరం పోగానే అవీ మాయం. తర్వాత మణికట్లు వాచాయి, మోకాళ్ళు వాచాయి. నేను పనిచేసే ఆసుపత్రిలోనే పై అంతస్తు వార్డులో చేర్పించాం. ఇన్ఫెక్షన్ ఏదీ దొరకలేదు. ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే దారి తప్పి సొంత ఇంటిమీద పడ్డాయని, ఇదొక రకం కీళ్ళ జబ్బని డాక్టరు తేల్చాడు. మందులు మొదలుపెట్టాడు.

జబ్బు ఎంత ఉందో తెలియడానికి రోజు మార్చి రోజు ఇ.ఎస్.ఆర్. చేసేవాళ్ళు. నూట పది. నూట పద్దెనిమిది. మళ్ళీ నూట పది. మా అమ్మకి అదే లోకమైపోయింది. నేను మెట్లెక్కి వార్డులోకి అడుగుపెట్టేసరికి, తిన్నావా అని అడగడం మానేసి "ఎంత వచ్చిందే" అని అడిగేది.

అసలు ఆ అంకె ఏమిటో నేనే ఆవిడకి చెప్పాను. గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తాన్ని సన్నటి పొడుగాటి గొట్టంలో నింపి, స్టాండులో నిటారుగా నిలబెడతాం. గంటసేపు దాన్ని ఎవరూ కదపకూడదు. ఎర్రకణాలు మెల్లగా కిందికి దిగుతాయి, పైన పసుపుపచ్చటి నీరు తేరుకుంటుంది. గంట తర్వాత ఎర్రది ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూసి రాస్తాం. అంతే పరీక్ష.

"దిగితే ఏమయింది, దిగనీ" అంది అమ్మ.

"త్వరగా దిగితే ఒంట్లో ఎక్కడో మంట రగులుతోందని అర్థమమ్మా. ఎర్రకణాలకి ఒకదానికొకటి పడదు, దూరదూరంగా ఉంటాయి. అందుకే మామూలుగా మెల్లగా దిగుతాయి. ఒంట్లో వాపూ మంటా ఉన్నప్పుడు లివరు ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ విపరీతంగా తయారుచేస్తుంది. గ్లోబ్యులిన్లు కూడా పెరుగుతాయి. అవి మధ్యలో చేరాయంటే ఎర్రకణాల గొడవ సద్దుమణిగి, పళ్ళేలు పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి అతుక్కుంటాయి. ఆ దొంతర బరువుకి గబగబా దిగిపోతాయి."

"అంటే తక్కువ దిగితే మంచిది."

"అంతే."

ఆ "అంతే" అన్నమాట ఎంత తేలిగ్గా అన్నానో.

ఇంటివాళ్ళ శాంపిల్ మేమే చెయ్యకూడదని మా ల్యాబ్‌లో నియమం. ఆశపడి ఒక గీత తక్కువ చదువుతామని భయం. అందుకని పిచ్చుక గొట్టాలన్నీ మా సీనియర్ టెక్నీషియన్ చేసేవాడు. ఆయన్ని అందరం గురువుగారు అంటాం. ఇ.ఎస్.ఆర్. స్టాండు ఆయన సామ్రాజ్యం. ఎండ పడని మూల, గొట్టాల్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ అదురు తగలని బల్ల, పక్కన ఎవరైనా గట్టిగా నడిచినా ఒప్పుకోడు. గొట్టం కొంచెం ఒరిగినా అంకె అబద్ధం చెబుతుందని ఆయన గొడవ.

ఆ పొద్దున్న ఆయన నన్ను పిలిచి, గొట్టం వైపు గడ్డంతో చూపించి, "అమ్మాయ్, మీ పిచ్చుకది పద్నాలుగే. ఇంక స్వీట్లు తెచ్చుకో" అన్నాడు.

వంగి చూశాను. ఎర్రటి స్తంభం దాదాపు పైదాకా నిండుగా నిలబడి ఉంది. పైన గోరంత పసుపు. ముందురోజు చేసిన ఇంకో పరీక్షలో ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు కూడా ఆకాశంనుంచి దిగి మామూలు సంఖ్యలకి వచ్చాయి. అన్నీ ఒక్కసారే దారికొచ్చాయి. నవ్వుకుంటూ, చేతి గ్లవ్స్ ఊడదీసుకుంటూ మెట్లెక్కాను.

వార్డులో అమ్మ అప్పటికే సంచీ సర్దుతోంది. నర్సు చెప్పేసిందట. డాక్టరు రౌండ్స్‌లో వచ్చి, కీళ్ళ వాపు కూడా తగ్గింది, మధ్యాహ్నం ఇంటికి పంపేస్తాను, వారంలో వచ్చి చూపించండి అన్నాడట. స్టెరాయిడ్ మాత్ర కూడా సగానికి తగ్గించాడట. అమ్మ మొహంలో ఇన్నాళ్ళ తర్వాత ప్రాణం కనపడింది.

"పద్నాలుగటగా. నీ నోటితో ఒకసారి చెప్పు" అంది.

"పద్నాలుగే" అన్నాను, పిచ్చుక మంచం మీద కూర్చుంటూ. "లేవవే దొంగమొహమా, ఇంటికెళ్ళాలి. నీ రక్తానికి బద్ధకం వచ్చింది, దిగడం మర్చిపోయింది."

పిచ్చుక కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఇలాంటి మాటకి అది ఊరుకునే రకం కాదు. నన్ను రాక్షసి అనాలి, రోజూ రక్తం తాగుతున్నావు అనాలి, ఉద్యోగం కోసం చెల్లెల్ని పీల్చేశావు అని నర్సులందరికీ చెప్పాలి. ఏమీ అనలేదు. నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

"ఏంటే, నొప్పా?"

"లేదు" అంది, చాలా దూరంనుంచి. "ఏ నొప్పీ లేదక్కా. నిద్రొస్తోంది."

నుదురు ముట్టుకున్నాను. కాలిపోతోంది. పొద్దున్నపూట. ఇన్ని రోజుల్లో ఏ పొద్దున్నా దానికి జ్వరం లేదు. "రాత్రినుంచీ కొంచెం వెచ్చగానే ఉంది, మాత్ర వేస్తే తగ్గుతుందిలే" అంది అమ్మ, చీర మడతపెడుతూ. దుప్పటి తీసి చూశాను. పాదాలు ఉబ్బి ఉన్నాయి. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆల్బుమిన్ తగ్గిపోయిందని కళ్ళతోనే తెలుస్తోంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచేది ఆ ప్రోటీనే, అది తగ్గితే నీరు బయటికి జారి పాదాల్లో చేరుతుంది. జబ్బు తగ్గుతుంటే ఆల్బుమిన్ పెరగాలి కదా. ఈ పాదాలేంటి?

దిండు మీద చిన్న ఎర్రటి మరక కనపడింది.

"పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళనుంచి వచ్చింది" అంది అమ్మ. "బ్రష్ గట్టిగా రుద్దిందేమో."

నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది. పేరు తెలియని భయం. అంకెలన్నీ బాగున్నాయి, మనిషి బాగాలేదు.

"సర్దడం ఆపమ్మా" అన్నాను.

"ఎందుకే?"

"ఆపమన్నానా." అనవసరంగా గట్టిగా అన్నాను. పక్కమంచం మనిషి తిరిగి చూసింది. అమ్మ చేతిలో చీర అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

కిందికి దాదాపు పరిగెత్తాను. గురువుగారు వేరే గొట్టాలు నింపుతున్నాడు. శాంపిల్‌లో గడ్డ ఉందా, చూశారా అని అడిగాను. రక్తం తీసేటప్పుడు మందుతో సరిగ్గా కలవకపోతే గొట్టంలోనే చిన్న గడ్డ కడుతుంది. గడ్డకట్టేది ఫైబ్రినోజెనే కాబట్టి అదంతా ఆ గడ్డలోనే చిక్కుకుపోతుంది. మిగిలిన రక్తంలో కణాల్ని అతికించేది ఏదీ ఉండదు, ఇ.ఎస్.ఆర్. ఉత్తినే తక్కువ వస్తుంది. ఇది మాలో కొత్తగా చేరినవాళ్ళకి కూడా తెలుసు.

గురువుగారి మొహం మారింది. ఎక్కువ వచ్చి ఉంటే ఆయన తప్పకుండా చూసేవాడు. మూత తీసి పుల్లతో మెల్లగా కలియబెట్టి చూశాడు. పుల్లకి ఏమీ తగల్లేదు. దారప్పోగంత కూడా లేదు.

"గడ్డ లేదమ్మాయ్. మంచి శాంపిలే."

నేను గడ్డ ఉండాలని ఎంత కోరుకున్నానో ఆ పుల్ల ఖాళీగా బయటికి వచ్చినప్పుడు తెలిసింది. గడ్డ ఉంటే తప్పు మాది. గడ్డ లేకపోతే తప్పు రక్తంలో ఉంది.

"మళ్ళీ తీద్దాం" అన్నాడాయన. "నేనొస్తాను పద."

ఇద్దరం ట్రే పట్టుకుని వెళ్ళాం. పిచ్చుక చెయ్యి చాపింది గానీ గురువుగారికి కాదు, నాకు. రబ్బరు పట్టీ కట్టాను. నర సులువుగానే దొరికింది. గొట్టాలు నింపాను, పట్టీ విప్పాను, సూది తీసి దూది పెట్టాను. రోజుకి ఎంతమందికి చేస్తానో ఈ పని. ఒకటి రెండు నిమిషాలు నొక్కితే ఆగిపోతుంది.

ఆగలేదు. దూది తీస్తే సన్నగా ఊరుతోంది. కొత్త దూది పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టాను. మళ్ళీ తీశాను. మళ్ళీ ఊరింది. అమ్మ చూడకుండా ఒళ్ళు అడ్డం పెట్టాను.

"ఇంకా అవలేదా" అంది పిచ్చుక, కళ్ళు తెరవకుండా.

"నీ చెయ్యి పట్టుకోవాలనిపించింది, అందుకని."

"అబద్ధం." అంతే అంది. ఆ ఒక్క మాటకే నాకు ఏడుపొచ్చింది.

గురువుగారు నా పక్కన నిలబడి తన చేతిలో ఉన్న ఎర్రమూత గొట్టాన్ని చూస్తున్నాడు. అందులో గడ్డకట్టకుండా ఆపే మందు ఏదీ ఉండదు. ఎవరి రక్తమైనా కొద్దిసేపట్లో జున్నుముక్కలా గట్టిపడాలి. ఇది ఇంకా నీళ్ళలా కదులుతోంది. ఆయన నా మొహం చూసి, గొట్టాలన్నీ పట్టుకుని కిందికి వెళ్ళిపోయాడు. ఆయన నడకలో అంత తొందర నేనెప్పుడూ చూడలేదు.

కట్టు బిగించి, నర్సుని కూర్చోబెట్టి కిందికి వచ్చేసరికి మా ప్యాథాలజిస్టు మేడమ్ ఆ ఎర్రమూత గొట్టం చేత్తో పట్టుకుని కిటికీ వెలుగులో వంచి చూస్తోంది. అడుగున ఒక నలిగిన ముద్ద. కొంచెం వంచగానే విడిపోయి రక్తంలో కలిసిపోయింది. మేడమ్ కోపిష్టి. తప్పు జరిగితే ల్యాబంతా వినపడేలా అరుస్తుంది. ఇప్పుడు చాలా మెల్లగా మాట్లాడింది, అది ఇంకా భయంగా ఉంది.

"ఇ.ఎస్.ఆర్. ఎందుకు తగ్గుతుంది?" అని అడిగింది నన్ను, పరీక్షలో అడిగినట్టు.

"మంట తగ్గితే."

"ఇంకో దారి?"

తెలుసు నాకు. గడ్డ కోసం వెతికినప్పుడే తెలిసి ఉండాలి. కణాల్ని అతికించే సరుకు లేకపోయినా తగ్గుతుంది. మంట అలాగే మండుతూ, ఫైబ్రినోజెన్ ఒక్కటే అయిపోతే, ఎర్రకణాలు ఎవరి దారిన అవి మెల్లగా దిగుతాయి. గొట్టంలో చూస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలాగే ఉంటుంది.

"ఫైబ్రినోజెన్ అయిపోతోందా మేడమ్?"

"చూద్దాం" అని, గడ్డకట్టే పరీక్షలకని తీసిన నీలంమూత గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టించింది. "సి.ఆర్.పి. కూడా వెయ్యండి. అదీ లివరు చేసే ప్రోటీనే, మంట ఉంటే పెరుగుతుంది. గడ్డకట్టడంలో ఖర్చయిపోదు కాబట్టి అబద్ధం చెప్పదు. ఫెరిటిన్ కూడా, మంట అదుపు తప్పితే అది ఆకాశానికి ఎక్కుతుంది."

ఆ తర్వాత జరిగింది నేను దూరంనుంచే చూశాను. నియమం. గురువుగారు పైన తేరిన పసుపు నీటిని, అంటే ప్లాస్మాని, పల్చన చేసి అందులో త్రాంబిన్ వేశాడు. ఫైబ్రినోజెన్‌ని దారాలుగా అల్లేది త్రాంబినే. సరుకు ఎంత ఎక్కువుంటే దారాలు అంత త్వరగా అల్లుకుంటాయి. మిషన్ తెరమీద సెకన్లు నడుస్తున్నాయి. ఇంత మంట ఉన్న మనిషికి అంకెలు కదిలీ కదలకుండానే ఆగిపోవాలి. ఆగలేదు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆగు, ఆగు తల్లీ, నీకు దణ్ణం పెడతాను అనుకుంటున్నాను. సెకన్లు వెళుతూనే ఉన్నాయి. ఎప్పటికో ఆగింది.

ఎంత తక్కువన్నా రెండొందలుండాలి. పిచ్చుకలాంటి జబ్బులో ఐదొందలు దాటాలి. ఎనభై వచ్చింది.

గురువుగారు మళ్ళీ చేశాడు, ఎవరూ చెప్పకుండానే. ఎనభై రెండు.

సి.ఆర్.పి. ఎప్పటికన్నా ఎక్కువగా వచ్చింది. ఫెరిటిన్ మిషన్ కొలవగలిగినంత దాటిపోయింది, పల్చన చేసి మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది. మేడమ్ అప్పటికే రక్తపు చుక్క పూసిన స్లైడు మైక్రోస్కోపులో చూసి, ఫోన్ తీసి వార్డు డాక్టరుకి కలుపుతోంది.

"డిశ్చార్జి ఆపండి" అంది. "తగ్గలేదు, ఇంకో మెట్టెక్కింది. చెత్త ఏరుకుని తినాల్సిన కణాలు పిచ్చెక్కి మంచి రక్తకణాల్నే మింగుతున్నాయనుకుంటున్నాను. ప్లేట్‌లెట్లు మామూలుకి రాలేదు, మామూలు మీదుగా కిందికి పోతున్నాయి. ఇవాళ ఇంకా పడ్డాయి. ఫైబ్రినోజెన్ కూడా అలాగే ఖర్చయిపోయి ఎనభైకి వచ్చింది."

అవతల ఆయన ఏమన్నాడో వినపడలేదు. చాలా తక్కువ మాట్లాడినట్టున్నాడు. నేను పైకి వెళ్ళేసరికి ఆయన నాకన్నా ముందు వార్డులో ఉన్నాడు. డిశ్చార్జి కాగితాలు చించి చెత్తబుట్టలో పడేసి, ఐ.సి.యు.లో మంచం అడుగుతున్నాడు. నన్ను చూసి, "కీళ్ళ వాపు తగ్గిందంటే బాగుపడుతోందనుకున్నాను. ఈ జబ్బులో అదీ ఇలాగే మోసం చేస్తుంది" అన్నాడు. "ఇప్పుడే దొరికింది. స్టెరాయిడ్ పెద్ద మోతాదు నరంలోకి ఎక్కిస్తాను. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను." ఆయన కళ్ళలో భయం చూశాక నా భయం రెట్టింపయింది.

అమ్మకి చెప్పాల్సింది నేను. ఆవిడ సగం సర్దిన సంచీ పక్కన కూర్చుని ఉంది. చుట్టూ తెల్లకోట్లు తిరుగుతున్నాయి, పిచ్చుకకి ఇంకో చేతికి కూడా సూదులు గుచ్చుతున్నారు.

"పద్నాలుగన్నావు కదే" అంది. కోపంగా కాదు. చిన్నపిల్ల అడిగినట్టు.

"తప్పు కాదమ్మా. నిజంగానే పద్నాలుగు. కానీ అది మంట తగ్గినందుకు తగ్గలేదు. రక్తాన్ని గడ్డకట్టించే సరుకు అయిపోయి తగ్గింది."

"తక్కువ దిగితే మంచిదన్నావు."

"అన్నాను."

ఆవిడ తిట్టినా బాగుండేది. మంచంతోపాటు నడుస్తూ వెళ్ళి, ఐ.సి.యు. తలుపు దగ్గర ఆపేస్తే అక్కడే నేలమీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది, గట్టిగా పట్టుకోలేదు, ఊరికే ఉంచుకుంది.

ఆ తర్వాతి రోజులు నాకు వరసగా గుర్తులేవు. క్రయో అని, ఫైబ్రినోజెన్ దండిగా ఉండే ప్లాస్మా భాగం, మంచుగడ్డలా చేసి దాచిన సంచులు కరిగించి ఎక్కించారు. ముక్కునుంచి రక్తం ఒకసారి వచ్చి భయపెట్టి ఆగింది. పిచ్చుక ఒక పూట నన్ను గుర్తుపట్టలేదు. నర్సుని అక్కా అని పిలిచి, నన్ను మంచినీళ్ళు తెమ్మంది. తెచ్చి ఇచ్చాను. బయటికి వచ్చి మెట్లమీద కూర్చుని ఏడ్చాను. అమ్మ ఇప్పుడు అంకెలు అడగడం మానేసింది. నేను తలుపు తీసుకుని వస్తే నా మొహం వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకునేది. అది నాకు అంకె అడగడం కన్నా కష్టంగా ఉండేది. నా మొహం కూడా అబద్ధం చెప్పగలదని ఆవిడకి తెలిసిపోయింది.

ల్యాబ్‌లో పని చేస్తూనే ఉన్నాను. ఎవరిదైనా మామూలు అంకె కనపడితే చేతులు చల్లబడేవి. ఆ మనిషికి జ్వరముందా, ఎలా ఉన్నాడు, లేచి కూర్చుంటున్నాడా అని వార్డులకి ఫోన్లు చేసి నర్సులచేత తిట్లు తిన్నాను. గురువుగారు మాత్రం తనూ పుల్ల పట్టుకుని, బాగా వచ్చిన శాంపిల్స్ కూడా కలియబెట్టి చూడటం మొదలుపెట్టాడు.

ఫెరిటిన్ మెల్లగా దిగుతోంది అన్నారు. జ్వరం ఒక పూట విడిచింది. నేను నమ్మలేదు. ఒకసారి నమ్మి చూశాను కదా.

తర్వాత ఒక పొద్దున్న మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చింది. "క్రయో ఆపి కొన్ని రోజులైంది. ఎక్కించినదాంట్లో చాలావరకు ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఇప్పుడు మీ పిచ్చుక లివరు సొంతంగా ఏమైనా చేస్తోందో లేదో చూద్దాం" అంది. ఫైబ్రినోజెన్ పరీక్షకి నీలంమూత గొట్టం వెళ్ళింది. ఆ మిషన్‌కి ఆ పూట కంట్రోల్, అంటే జవాబు ముందే తెలిసిన శాంపిల్, సరిగ్గా రావడం లేదు, అది సర్దేదాకా ఏ రిపోర్టూ ఇవ్వకూడదు. "ఈలోగా ఇ.ఎస్.ఆర్. కూడా పెట్టండి" అంది మేడమ్.

గురువుగారు గొట్టం నింపి స్టాండులో నిలబెట్టాడు. నిటారుగా ఉందో లేదో మూడు వైపులనుంచీ చూశాడు. కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, "ముట్టుకోకు. చూసుకో, ఫరవాలేదు" అని తన పనికి వెళ్ళాడు.

ఇన్నాళ్ళూ ఆ ఎర్రటి స్తంభం దిగకూడదని మొక్కుకున్నాను. అమ్మకి నేర్పించాను, ఆవిడతోనూ మొక్కించాను. ఇప్పుడు కూర్చుని దిగు తల్లీ, దిగు అంటున్నాను. మొదట ఏమీ కదల్లేదు. మొదట్లో ఎప్పుడూ అంతే, కణాలు దొంతర కట్టడానికి కొంతసేపు పడుతుంది. నాకు తెలుసు. అయినా ఒకవేళ దొంతర కట్టకపోతే? అతికించే సరుకు ఇంకా లేకపోతే? గాజుమీద చూపు అంటుకుపోయింది. రెప్ప వేస్తే కదలిక తప్పిపోతుందేమోనని కళ్ళు మంటలెత్తేదాకా చూశాను.

అప్పుడు పైన సన్నటి పసుపు గీత కనపడింది. అది మందమైంది. ఎర్రది తగ్గుతోంది, ఇంకా తగ్గుతోంది. ఎప్పుడూ చూసే దృశ్యమే, రోజూ ఎంతమందివో చూస్తాను, కానీ ఆ పూట లేచి అరవాలనిపించింది. స్టాండు అదురుతుందని కదలకుండా కూర్చున్నాను.

ల్యాబ్ కిటికీ దగ్గర అమ్మ నిలబడి ఉంది. శాంపిల్ కిందికి వెళ్ళిందని ఎవరో చెప్పి ఉంటారు. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి కిందికి వచ్చింది. చేతులు కటకటాల మీద పెట్టి, అడగలేక నిలబడింది.

గురువుగారు వచ్చి వంగి చదివాడు. ఇంకోసారి చదివాడు.

"డెబ్బై ఆరు" అన్నాడు.

అమ్మ విన్నది. ఆవిడ మొహంలో రక్తం పోయింది. "పెరిగిందా?" అంది. కటకటాలు గట్టిగా పట్టుకుంది. నేను లేచి పరిగెత్తి కిటికీలోంచి ఆవిడ చేతులు పట్టుకున్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు, మాట సరిగ్గా రావడం లేదు.

"పెరిగిందమ్మా. పెరిగింది. జబ్బు ఇంకా ఉంది, ఉండనీ, దానికి మందుంది. దాని ఒంట్లో మళ్ళీ రక్తం గడ్డకట్టే సరుకు తయారవుతోంది. అదీ తన సొంతం. ఎవరో ఎక్కించింది కాదు."

అమ్మ నా మొహం చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు. చాలాసేపు చూసింది, ఏదో వెతుకుతున్నట్టు.

"నాకు ఈ అంకెలొద్దే" అంది చివరికి. "సంతోషపడాలా, భయపడాలా, అదొక్కటి చెప్పు."

"రెండూ" అన్నాను.

ఆవిడ తలూపి, కటకటాల సందులోంచి పమిట చెంగు అందించి, ముందు కళ్ళు తుడుచుకోమంది.